హైదరాబాదు మంచులో ఎందుకు పడింది
(స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక సోషల్ టీచర్ చేసిన ప్రసంగం, రాతలో)

అందరికీ నమస్కారం. నాకు ముప్పావు గంట ఇచ్చారు. ఈ బల్ల మీద గ్లోబు ఉంది, ఒక ఉల్లిపాయ, ఒక బత్తాయి, కొంచెం పురికొస ఉన్నాయి. భోజనాల టైమ్ కాలేదు కాబట్టి బత్తాయి మీద ఎవరూ ఆశ పెట్టుకోకండి. (నవ్వులు)

ఒక జవాబు పత్రం సంగతితో మొదలుపెడతాను. తొమ్మిదో తరగతి. ప్రపంచ అవుట్‌లైన్ మ్యాపు ఇచ్చి, గీతలు గీయించి, హైదరాబాదును గుర్తించమన్నాను. బోర్డు మీద 17, 78 అని రాశాను, అంతే. ఒక పిల్లాడు చుక్క ఎక్కడ పెట్టాడంటే, ఐరోపాకు పైన, నార్వే కూడా దాటిపోయాక, సముద్రంలో ఈగ వాలినట్టు చిన్న దీవులు కనబడతాయి చూడండి, అక్కడ. స్వాల్‌బార్డ్ అంటారు. తెల్ల ఎలుగుబంట్లు తిరిగే చోటు. చార్మినార్‌ను తీసుకెళ్ళి మంచులో నిలబెట్టాడు. నేను ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి సున్నా వేశాను.

వాడు పేపరు పట్టుకుని వచ్చాడు. "సార్, మ్యాథ్స్ సార్ ముందు అడ్డం లెక్కపెట్టి తర్వాత పైకి వెళ్ళమన్నారు. నేను 17 అడ్డం వెళ్ళాను, 78 పైకి వెళ్ళాను. తప్పేంటి సార్?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదండీ. వాడు చెప్పింది నిజమే కదా. లెక్కల పీరియడ్‌లో ఎక్స్ ముందు, వై తర్వాత. అంటే కుడికి ఎంత, ఆ తర్వాతే పైకి ఎంత. మన పీరియడ్‌లో అక్షాంశం ముందు. అంటే పైకి ఎంత అన్నది ముందు. అదే బడి, అదే బెంచి, గంట కొట్టగానే వరస తారుమారు. ఆ ముక్క వాడికి ఎవరూ చెప్పలేదు, నేను అసలే చెప్పలేదు. గళ్ళు లెక్కపెట్టడంలో వాడు ఒక్క తప్పూ చెయ్యలేదు. 78 డిగ్రీల ఉత్తరం, 17 డిగ్రీల తూర్పు అనేది ఆ స్వాల్‌బార్డ్‌లోని స్పిట్స్‌బెర్గెన్ దీవి మీదే ఉంటుంది. వాడి చుక్క అక్కడే ఉంది. మార్కులు వేసి పంపించాను. ఆ తర్వాతే ఈ పాఠం ఎలా చెబుతున్నానా అని కూర్చుని ఆలోచించాను.

మనందరం చెప్పే పాట ఒకటుంది. "అక్షాంశాలు అడ్డం, రేఖాంశాలు నిలువు." పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెప్తారు. పాటలో తప్పు లేదు. కానీ పిల్లాడి బుర్రలో అది ఎలా దిగుతుందో చూడండి. అక్షాంశం అడ్డగీత, కాబట్టి అక్షాంశం అడ్డంగా ఎంత దూరమో చెబుతుంది. ఇలా దిగుతుంది. సరిగ్గా ఉల్టా. గీత అడ్డంగా పోతుంది, దాని మీద ఉన్న అంకె మాత్రం పైకి ఎంతో చెబుతుంది. ఇందాకటి పిల్లాడికి లెక్కల వరస ఒక్కటే కాదు, ఈ పాట కూడా తోడైంది. 17 అక్షాంశం, అక్షాంశం అడ్డం, కాబట్టి 17 అడ్డం వెళ్ళాడు.

దీన్ని నేను గ్లోబు ముట్టుకోకముందే బడి మేడ దగ్గర తీరుస్తాను. పిల్లల్ని బయటికి తీసుకెళ్ళి నిలబెట్టి అడుగుతాను. ఒరేయ్, స్లాబు ఎలా ఉంది? అడ్డంగా ఉంది సార్. రెండో అంతస్తు అంటే ఏం తెలుస్తుంది? ఎంత ఎత్తులో ఉందో తెలుస్తుంది సార్. స్లాబు పడుకునే ఉంటుంది, దాని నంబరు ఎత్తు చెబుతుంది. మరి వరండా స్తంభాలు? నిలువుగా ఉన్నాయి. ఐదో స్తంభం అంటే? ఈ చివర నుంచి అంత దూరం నడవాలి సార్. స్తంభం నిలబడే ఉంటుంది, దాని నంబరు వరండా పొడవునా ఎంత దూరమో చెబుతుంది. అక్షాంశం స్లాబు, రేఖాంశం స్తంభం. ఇప్పుడు "రెండో అంతస్తు, ఐదో స్తంభం దగ్గరికి వెళ్ళి నిలబడు" అంటే ఒక్కడు కూడా తప్పు చోటికి వెళ్ళడు. ఐదో అంతస్తు అసలు మన బడికి లేదు కదా! (నవ్వులు)

ఇక గ్లోబు. మొదటి పని, దాన్ని స్టాండులోంచి ఊడదీయండి. ఊడదీయడం కుదరకపోతే స్టాండు కింద ఒక పక్క పుస్తకాలు పెట్టి ఇరుసు నిటారుగా నిలబడేలా చూడండి. బళ్ళకు వచ్చే గ్లోబులన్నీ 23½ డిగ్రీలు వాలి ఉంటాయి. అది రుతువుల పాఠానికి కావాలి, ఈ పాఠానికి అడ్డం. మనం భూమధ్యరేఖ అడ్డంగా ఉంటుంది అంటాం, పిల్లాడి కంటికి అది ఏటవాలుగా కనిపిస్తుంది. పైన అంటే ఉత్తరం అంటాం, వాడికి పైన కనిపించేది ఇంకేదో దేశం. పాఠం అయ్యాక మళ్ళీ వాల్చండి.

ఇదిగో ఉల్లిపాయ. తొడిమ పైకి, వేళ్ళు కిందికి పట్టుకున్నాను. పకోడీకి కోసినట్టు కాదు, అడ్డంగా చక్రాలు చక్రాలుగా కోస్తున్నాను. నడుం దగ్గర చక్రం పెద్దది. పైకి పోయేకొద్దీ చిన్నది, తొడిమ దగ్గర చుక్క. అన్ని చక్రాలూ ఒకదానికొకటి సమాంతరం, ఒకటి ఇంకోదాన్ని ఎప్పుడూ తాకదు. ఇవి అక్షాంశాలు. ఇప్పుడు బత్తాయి తొక్క తీస్తున్నాను. తొనల మధ్య గీతలు చూడండి. అన్నీ పైనుంచి కిందికి, అన్నీ ఒకే పొడవు, నడుం దగ్గర దూరదూరంగా, రెండు కొసల్లో కలిసిపోతున్నాయి. ఇవి రేఖాంశాలు. కూరగాయల కత్తితో ఐదు నిమిషాల పని. దీనికి చార్టు అక్కర్లేదు.

ఆ 17 అనే అంకె ఏమిటో ఇక్కడే చెప్పేయాలి. చాలామంది పిల్లలు, నిజం చెప్పాలంటే మనలోనూ కొందరు, అది పదిహేడో గీత నంబరు అనుకుంటారు. అది కోణం. ఉల్లిపాయను ఈసారి నిలువుగా, నడిమికి రెండు ముక్కలు చేస్తాను. తెగిన ముఖం మీద సరిగ్గా మధ్యలో కోణమానిని మధ్యబిందువు పెట్టండి. నడుం దిక్కుకు సున్నా. అక్కడి నుంచి 17 డిగ్రీలు పైకి తిప్పి, ఆ గీత అంచును తాకిన చోట గుండుసూది గుచ్చండి. ఆ సూది ఉన్న చోటుగుండా పోయే చక్రమే 17 డిగ్రీల అక్షాంశం. తొడిమ దగ్గరికి వచ్చేసరికి 90. అంతకు మించి పైకి వెళ్ళడానికి చోటు లేదు కాబట్టే అక్షాంశం 90 దగ్గర ఆగిపోతుంది. రేఖాంశం చుట్టూ తిరిగేది కాబట్టి సున్నా నుంచి తూర్పుకు 180, పడమటికి 180.

ఈ కోణం కాగితం మీది లెక్క కాదని పిల్లలకు చూపించాలంటే ఆ రాత్రి డాబా ఎక్కమనండి. ధ్రువ నక్షత్రం మన దగ్గర ఉత్తరాన, క్షితిజం నుంచి ఎంత ఎత్తులో కనిపిస్తుందో దాదాపు అంతే మన అక్షాంశం. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. హైదరాబాదులో పిడికిలి మీద మరో ముప్పావు పిడికిలి. తిరుపతిలో అయితే పిడికిలి మీద నాలుగు వంతుల్లో ఒకటి దాటి కొంచెం. అంత కిందికి ఉంటుంది కాబట్టి ఊళ్ళో దీపాల వెలుగులో, దుమ్ములో కనబడకపోవచ్చు. పల్లెటూరి పిల్లలకు ఇక్కడ మనకంటే లాభం ఉంది.

సున్నా గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. అక్షాంశానికి సున్నా ప్రకృతే ఇచ్చింది, రెండు కొసలకూ సరిగ్గా మధ్య. బత్తాయిలో మాత్రం మొదటి తొన ఏది? ఏదైనా కావచ్చు. మన పాత జ్యోతిష గణితం వాళ్ళు ఉజ్జయిని మీదుగా పోయే రేఖను పెట్టుకున్నారు. 1884లో వాషింగ్టన్‌లో దేశాలు కూర్చుని లండన్‌లోని గ్రీనిచ్ అని ఒప్పుకున్నాయి. పిల్లలు "అక్కడే ఎందుకు సార్" అంటే, వాళ్ళు ఒప్పుకున్నారు కాబట్టి అని చెప్పండి. అంతకంటే లోతైన కారణం భూమిలో ఎక్కడా లేదు.

పురికొస ఎందుకంటే, దీనితో ఒక కొలత తీయాలి. మామూలు బడి గ్లోబు అడుగు వ్యాసం ఉంటుంది. నడుం చుట్టూ దారం తిప్పితే దాదాపు 96 సెంటీమీటర్లు. పక్కపక్క రెండు రేఖాంశాల మధ్య, 15 డిగ్రీలకు ఒకటి గీసిన గ్లోబైతే, భూమధ్యరేఖ మీద 4 సెంటీమీటర్లు వస్తుంది. అదే రెండు గీతల మధ్య 60 డిగ్రీల అక్షాంశం దగ్గర కొలవండి. 2 సెంటీమీటర్లు. సగం. ఇది పిల్లల చేతే కొలిపించండి, ఎందుకంటే మ్యాపు దగ్గరికి వెళ్ళగానే ఈ సంగతి మన కొంప ముంచుతుంది. నిలువు దూరం మాత్రం ఎక్కడ కొలిచినా ఒకటే, డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు.

ఇప్పుడు మ్యాపు. ప్రపంచ పటంతో మొదలుపెట్టకండి. మన రెండు రాష్ట్రాలతో మొదలుపెట్టండి. కారణం కాసేపట్లో చెబుతాను.

తెల్ల ఏ-ఫోర్ కాగితం. అక్షాంశాలు 12 నుంచి 20, రేఖాంశాలు 76 నుంచి 85. ఆంధ్ర, తెలంగాణ రెండూ ఇందులో పట్టేస్తాయి. అడ్డగీతలు 2 సెంటీమీటర్లకు ఒకటి. నిలువుగీతలు కూడా 2 సెంటీమీటర్లకే గీస్తారు అందరూ. కానీ ఇందాక దారంతో చూశాం కదా, పైకి పోయేకొద్దీ నిలువుగీతలు దగ్గరవుతాయి. మన దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం 107 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, 111 కాదు. కాబట్టి నిలువుగీతలు 1.9 సెంటీమీటర్లకు ఒకటి గీయండి. తేడా చిన్నదే. అయినా తొమ్మిది గడులు దాటేసరికి తొమ్మిది మిల్లీమీటర్లు అవుతుంది. అంటే 2 సెంటీమీటర్లకు గీసిన గడిమీద అట్లాసులోంచి అచ్చు దించిన తీరరేఖ పెడితే, ఇచ్ఛాపురం దగ్గర రెండూ కలవవు.

అంకెలు ఎక్కడ వేయాలి? ఇది నేను తరగతిలో అన్నిటికంటే ఎక్కువసార్లు చూసిన తప్పు. పిల్లలు గడి మధ్యలో 78 అని వేస్తారు. చదరంగం బల్లకు వేసినట్టు. కింది తరగతుల్లో మనమే నేర్పాం వాళ్ళకి, బడి ఏ గడిలో ఉంది, బి-3లో ఉంది అని. అక్కడ పేరు గడిది. ఇక్కడ పేరు గీతది. అంకె గీత చివరన, గీతకు ఎదురుగా పడాలి. గడి మధ్యలో వేసిన పిల్లాడి ఊళ్ళన్నీ అర డిగ్రీ, అంటే యాభై కిలోమీటర్లకు పైగా, ఒకే పక్కకు జరిగిపోతాయి.

ఇప్పుడు హైదరాబాదును పెడదాం. 17°23′ ఉత్తరం, 78°29′ తూర్పు. డిగ్రీకి 60 నిమిషాలు. మన కాగితం మీద డిగ్రీకి 20 మిల్లీమీటర్లు. అంటే మిల్లీమీటరుకు 3 నిమిషాలు. అందుకే 2 సెంటీమీటర్లు ఎంచుకున్నాను, అదేం శాస్త్రం కాదు, లెక్క సులువని. 23 నిమిషాలంటే 17 గీత పైన ఎనిమిది మిల్లీమీటర్లకు రవ్వంత తక్కువ. స్కేలు పెట్టి ఆ ఎత్తులో పెన్సిల్‌తో సన్నగా ఒక అడ్డగీత. 29 నిమిషాలంటే 78 గీతకు కుడివైపు తొమ్మిది మిల్లీమీటర్ల చిల్లర. అడ్డంగా మన డిగ్రీ 19 మిల్లీమీటర్లే అయినా అదే లెక్క వాడమనండి, తేడా మిల్లీమీటరు దాటదు. అక్కడ నిలువుగీత. రెండూ కోసుకున్న చోట చుక్క. మిల్లీమీటరు అంటే ఐదున్నర కిలోమీటర్లు కాబట్టి పెన్సిల్ మొన చెక్కి ఉండాలి. మొద్దు పెన్సిల్ చుక్కలో సగం నగరం పట్టేస్తుంది.

ఇక్కడ ఒక మోసం ఉంది. పిల్లలు ఇప్పుడు ఫోన్ చూసి వస్తారు. ఫోన్‌లో ఇలా ఉంటుంది:

```
17.385, 78.487
```

పుస్తకంలో 17°23′. రెండూ ఒకటే. .385ని 60తో గుణిస్తే 23 చిల్లర. కానీ పిల్లాడు 17°23′ని 17.23గా చదివి, గీతకు పైన పావు గడి కూడా లేకుండా చుక్క పెట్టేస్తాడు. నిజం ఊరికి పదిహేడు కిలోమీటర్లు దక్షిణాన. తెలుసుకోవడం ఎలా? ఎవరి చుక్కలన్నీ గీత దాటాక అరగడి కాస్త దాటేలోపే ఉన్నాయో వాళ్ళని పిలిచి అడగండి. నిమిషాలు 59 దాకా పోతాయి, వాటిని వందలో భాగాలుగా చదివినవాడి చుక్క ఎప్పుడూ గడిలో 0.6 దాటి పైకి వెళ్ళదు.

ఇప్పుడు అవుట్‌లైన్. షాపులో దొరికే అవుట్‌లైన్ మ్యాపు మీద గడి గీయించకండి అని నా మనవి. దాని మీద స్కేలు ఉండదు, అంచున డిగ్రీ గుర్తులు ఉండవు. 80 గీత ఎక్కడ గీయాలో మీకూ తెలియదు, పిల్లాడికీ తెలియదు. ముందు గడి గీయించండి, తర్వాత అందులో ఒడ్డును పాయింట్లతో గీయించండి. నేను ఇచ్చే పాయింట్లు ఇవి, డిగ్రీలో పదోవంతుకు సర్ది. కృష్ణపట్నం 14.3, 80.1. సూర్యలంక 15.9, 80.5. మచిలీపట్నం తీరం 16.2, 81.2. అంతర్వేది 16.3, 81.7. కాకినాడ 17.0, 82.3. విశాఖ 17.7, 83.3. కళింగపట్నం 18.3, 84.1. పదోవంతు అంటే 2 మిల్లీమీటర్లు, నిమిషాల గొడవ లేదు. ఈ ఏడు చుక్కలూ వరసగా కలిపితే బల్లపరుపు గీతల్లోంచి మన కోస్తా లేచి నిలబడుతుంది. గోదావరి దగ్గర ఉబ్బు రాదు, కృష్ణ దగ్గర ముక్కు రాదు, పాయింట్లు చాలవు కాబట్టి. అట్లాసు చూసి మధ్యలో చేత్తో సర్దమనండి. అప్పుడు అది వాళ్ళు గీసిన అవుట్‌లైన్.

దీన్ని జిరాక్స్ తీయించి మిగతా సెక్షన్‌కు ఇవ్వాలనుకుంటే ఒక్కటి చూసుకోండి. షాపువాడు కాగితానికి సరిపడా అని కొంచెం తగ్గించి కొడతాడు. గడీ ఒడ్డూ కలిసే తగ్గుతాయి కాబట్టి బొమ్మ పాడవదు, కానీ మిల్లీమీటరుకు 3 నిమిషాలు అన్న లెక్క పోతుంది. ముందు ఒక గడి కొలిచి చూడండి.

ఒడ్డు వచ్చాక తప్పులు పట్టుకోవడం మన పని కాదు, ఒడ్డే పట్టిస్తుంది. నేను దీన్ని ఒడ్డు పరీక్ష అంటాను. పిల్లల్ని ఇంకో నాలుగు ఊళ్ళు పెట్టమంటాను, వాటిలో రెండు రేవులు. రేవు సముద్రంలో మునిగినా, ఒంగోలు నీళ్ళలో తేలినా ఏదో తేడా ఉంది. ఒక్క ఊరే తేడాగా ఉందంటే ఆ చుక్క తప్పు. అట్లాసులోంచి అదే కొలతకు దించిన ఒడ్డు మీద పెట్టి చూస్తే అన్ని ఊళ్ళూ ఒకే పక్కకు ఒకే దూరం జరిగాయంటే చుక్కలు సరిగ్గానే పెట్టాడు, గీతల అంకెలు తప్పు వేశాడు. తూర్పుకు పోయేకొద్దీ తేడా పెరుగుతోందంటే నిలువుగీతల మధ్య దూరం తప్పు. ఈ మూడూ తెలిస్తే నలభై పేపర్లు దిద్దడానికి అరగంట చాలు.

ప్రపంచ పటంతో ఎందుకు మొదలుపెట్టొద్దన్నానో ఇప్పుడు చెబుతాను. మన కాగితంలో అక్షాంశం 12 నుంచి 20, రేఖాంశం 76 నుంచి 85. ఎవడైనా తారుమారు చేస్తే పైకి 78 వెతుక్కుంటాడు, అది కాగితం మీదే లేదు. "సార్, 78 లేదు" అంటాడు. దొరికిపోతాడు. ప్రపంచ పటంలో దొరకడు, స్వాల్‌బార్డ్ వెళ్ళి కూర్చుంటాడు. మన దేశంలో రేఖాంశం దాదాపు అంతా 90 లోపే, గువాహటి లాంటి ఈశాన్య ఊళ్ళు, అండమాన్ నికోబార్ దీవులు తప్ప. 90 దాటిన అంకె అక్షాంశంగా కుదరదు కాబట్టి అవి తారుమారైతే వెంటనే తెలుస్తుంది. మనవి తెలియవు.

కానీ అదే సౌకర్యం మోసం కూడా చేస్తుంది. కాగితం మీద 17 ఏ పక్కన కనిపిస్తే ఆ పక్కన పెట్టేస్తాడు పిల్లాడు. ఏది అక్షాంశమో తెలియకపోయినా ఊరు సరైన చోట పడుతుంది. కొందరు టీచర్లు "చిన్న అంకె అక్షాంశం, పెద్ద అంకె రేఖాంశం" అని కూడా చెప్పేస్తున్నారు. ఇండియాలో అది ఎప్పుడూ నిజమే, మన అక్షాంశం 38 చేరదు, రేఖాంశం 68కి తగ్గదు. లండన్ దగ్గర అది కుప్పకూలుతుంది. అక్షాంశం 51½, రేఖాంశం సున్నా. దయచేసి అది చెప్పకండి.

అందుకే రాష్ట్రం అయ్యాక ప్రపంచ పటానికి వెళ్ళి నేను కైరోతో పరీక్ష పెడతాను. 30, 31. ఈజిప్టు రాజధాని. సరిగ్గా పెడితే 30 ఉత్తరం, 31 తూర్పు, కైరో. తారుమారు చేస్తే 31 ఉత్తరం, 30 తూర్పు. అక్కడ ఏముందో తెలుసా? అలెగ్జాండ్రియా. అదీ ఈజిప్టే, అదీ నైలు నది డెల్టా అంచునే, అదీ పెద్ద నగరమే. ప్రపంచ పటం మీద రెండు చుక్కలూ దాదాపు ఒకటే. అందుకే కాగితం చూసి నేను తప్పు పట్టలేను, పిల్లాణ్ణి నోటితో చెప్పమంటాను. "30 అంటే ఏ గీత? ఎటు లెక్కపెట్టావ్? ఎక్కడ నుంచి?" స్లాబా, స్తంభమా చెప్పగలిగితే వచ్చినట్టు.

ఇంకోటి, బోర్డు మీద ఒంటరి అంకెలు రాయడం నేను మానేశాను. 17 ఉ., 78 తూ. అని అక్షరంతో సహా రాస్తాను, అక్షరం లేకపోతే పిల్లలకు మార్కు తగ్గిస్తాను. లెక్కల మాస్టారుతో కూడా కూర్చుని మాట్లాడుకున్నాం. ఆయన పాఠంలో (78, 17) అని రాస్తారు, నా పాఠంలో 17 ఉ., 78 తూ. అని రాస్తాను. రెండూ ఒకే బోర్డు మీద పక్కపక్కన రాసి, ఒకే ఊరిని ఇద్దరం పెట్టి చూపించాం. ఆ రోజు పిల్లలకు కలిగిన ఊరట చూడాలి మీరు.

భారతదేశం అవుట్‌లైన్ సంగతి. దాని మీద స్కేలు పెట్టి తిన్నని గళ్ళు గీయించకండి. కన్యాకుమారి దగ్గర 8 డిగ్రీలు, పైన 37 డిగ్రీలు. కింద ఒక డిగ్రీ రేఖాంశం 110 కిలోమీటర్లు, పైన 90 లోపే. మన దేశపు పటాలు మామూలుగా శంకువు పద్ధతిలో గీసినవి, కాబట్టి వాటి మీద అక్షాంశాలు కొంచెం ఉయ్యాలలా వంగి ఉంటాయి, నిలువుగీతలు పైకి పోతూ దగ్గరవుతాయి. అట్లాసు పేజీ మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి ఆ వంపుగీతలతో సహా దించుకోండి. వంపు చూసి పిల్లలు "ఇదేంటి సార్ వంకరగా ఉంది" అని అడుగుతారు. బత్తాయి తొక్క ఒకటి నేల మీద బల్లపరుపుగా పరచమనండి. చిరుగుతుంది. జవాబు వాళ్ళకే వస్తుంది.

ప్రశ్నలేమైనా ఉన్నాయా? చెప్పండి మేడం.

(ఒక టీచర్: సార్, మన ప్రామాణిక కాలం 82½ డిగ్రీల రేఖాంశం కాకినాడ మీదుగా పోతుందని గైడుల్లో ఉంటుంది కదా. ఈ కాగితం మీద వేస్తే కాకినాడ మీద పడటం లేదు. నేను ఎక్కడ తప్పు చేశాను?)

మీరు తప్పు చేయలేదమ్మా. ఊరు 82°14′ దగ్గర ఉంది. రేఖ 82°30′. పదహారు నిమిషాల తేడా, మన కాగితం మీద అర సెంటీమీటరు, నేల మీద ఇరవై ఎనిమిది కిలోమీటర్ల దాకా. కాకినాడ ఎదురుగా ఆ రేఖ బంగాళాఖాతంలో ఉంటుంది. ఉప్పాడ దాటాక ఒడ్డెక్కి, తునికి కాస్త పడమటి పక్కగా ఉత్తరానికి పోతుంది. దగ్గర్లో ఉన్న పేరున్న ఊరు కాబట్టి కాకినాడ అని రాశారు. ప్రపంచ పటం మీద అది నిజమే, మీ కాగితం మీద కాదు. మీ కాగితం ఇలా ఇవ్వండి, తునిని కూడా పెట్టి చూద్దాం. 17°21′, 82°33′. ఆ, చూశారా, గీతకు ఒక మిల్లీమీటరు కుడిపక్కన.